అలమరాకు ఏ చెక్క? ప్లైవుడ్, బ్లాక్‌బోర్డు, పార్టికల్ బోర్డు రకాలు, తేమ, అంచుల సంగతి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి బరంపురంలో మా ఇంటి పడకగది కిటికీ రెక్క ఊడి, తెల్లవారేసరికి గదిలో రెండంగుళాల నీరు నిలిచింది. ఆ గదిలో మూడు అలమరాలు ఉండేవి. రెడీమేడ్‌గా కొన్న పార్టికల్ బోర్డు బీరువా అడుగున నానిన రస్కులా ఉబ్బి, ముట్టుకుంటే పొడిగా రాలింది. ‘వాటర్‌ప్రూఫ్’ అని చెప్పి దుకాణదారు అంటగట్టిన ప్లైవుడ్‌తో చేయించిన అలమరా నెల తిరిగేసరికి పొరలు పొరలుగా విడిపోయింది. మూడోది, మా మామగారి కాలంలో ఒక మేస్త్రీ చేసినది, ఎండబెట్టి తుడిస్తే ఈనాటికీ నిలబడి ఉంది.

తరవాత మరమ్మతుకు వచ్చిన వడ్రంగి మేస్త్రీ ఆ మూడింటినీ పడుకోబెట్టి అడుగు భాగాలు చూపించాడు. “సార్, నీళ్ళు అన్నిటికీ ఒకేలా తగిలాయి. కానీ దీనికి అడుగు అంచు మూసి రంగు వేశారు. ఆ రెండింటికీ కోసిన అంచు కోసినట్టే వదిలేశారు. పై మైకా చూసి మోసపోకండి, చెక్క నీళ్ళు తాగేది అంచు నుంచే” అన్నాడు. ఆ మాట పట్టుకుని, ఆ తరవాత మా ఇంట్లోనూ, తెలిసినవాళ్ళ ఇళ్ళలోనూ చేయించిన పనుల వల్ల తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. బరంపురం, యానాం, చెన్నై లాంటి తేమ ఊళ్ళలో ఉన్నవారికి ఇది ముఖ్యంగా పనికొస్తుంది. బళ్ళారి, షోలాపూర్ లాంటి పొడి ఊళ్ళవారికి వంటింటి సింకు వరకు ఇదే లెక్క.

గ్రేడు అంటే జిగురు గ్రేడు

ప్లైవుడ్ అంటే పలచని చెక్క పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డం, నిలువుగా మార్చి పేర్చి, జిగురుతో వేడి మీద నొక్కి చేసినది. దుకాణంలో వినిపించే గ్రేడ్లు ముఖ్యంగా ఆ జిగురు నీటికి ఎంత ఓర్చుకుంటుందో చెప్పేవి. మనం తెలుసుకోవలసినవి మూడు.

మొదటిది ఎంఆర్. దీన్ని కొందరు కమర్షియల్ ప్లై అంటారు. ఎంఆర్ అంటే మాయిశ్చర్ రెసిస్టెంట్, అంటే గాలిలోని తేమకు ఓర్చుకునేది అని మాత్రమే అర్థం. నీటికి ఓర్చుకునేదని కాదు. ఇందులో సాధారణంగా యూరియా జిగురు వాడతారు. ప్రయోగశాలలో దీని జిగురును 60 డిగ్రీల వేడి నీటిలో మూడు గంటలు ఉంచి పరీక్షిస్తారు. పొడి పడకగదిలో లోపలి అరలకు ఇది చాలు.

రెండోది బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటికి కొంత ఓర్చుకునేది. దీని జిగురుకు ఎనిమిది గంటలు మరిగే నీటిలో పరీక్ష. ఎంఆర్, బీడబ్ల్యూఆర్ రెండూ ఐఎస్ 303 అనే ప్రమాణం కిందికే వస్తాయి. కాబట్టి దుకాణదారు “303 ప్లై” అన్నంత మాత్రాన ఏ గ్రేడో తెలియదు. గ్రేడు పేరు విడిగా అడగాలి.

మూడోది బీడబ్ల్యూపీ, వాడుకలో మెరైన్ ప్లై. దీనికి ఐఎస్ 710 ప్రమాణం. ఫినాల్ జిగురు వాడతారు, 72 గంటలు మరిగే నీటిలో జిగురు నిలవాలి. పైగా చెక్కకు పుచ్చు, పురుగు పట్టకుండా మందు పట్టించడం కూడా ఈ ప్రమాణంలో భాగమే. సింకు కింద, స్నానాల గది గోడకు ఆనుకుని ఉన్న అలమరాకు, నీళ్ళు నిలిచే అవకాశం ఉన్న కింది అంతస్తు ఇళ్ళకు ఇదే తీసుకోవాలి.

ఇక్కడొక పొరపాటు చాలామంది చేస్తారు. 72 గంటలు మరిగినా ఊడనిది జిగురు. లోపలి చెక్క మాత్రం చెక్కే. అది నీటిని పీలుస్తుంది, ఉబ్బుతుంది, తడి నెలల తరబడి ఆరకపోతే బూజు పడుతుంది. అందుకే మెరైన్ ప్లై కొన్నాం కదా అని అంచులు వదిలేస్తే ఖర్చు పెట్టిన డబ్బులో సగం వృథా.

‘వాటర్‌ప్రూఫ్’ అనేది అసలు గ్రేడే కాదు. బోర్డు మీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు, పక్కన గ్రేడు, మందం ఉండాలి. ఆ లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థవారి బిఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీది, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. “710 టైప్”, “710 క్వాలిటీ” అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు లేని బోర్డులు బజారులో ఉంటాయి. వాటిని మెరైన్ ప్లై ధర పెట్టి కొనకండి.

బ్లాక్‌బోర్డు ఎక్కడ పెట్టాలి

బ్లాక్‌బోర్డు అంటే మధ్యలో మెత్తని చెక్క బద్దలు పక్కపక్కన పేర్చి, పైనా కిందా పలచని చెక్క పొరలు అతికించినది. బద్దలు ఎనిమిది అడుగుల పొడుగు వైపే పరుగెడతాయి. అందువల్ల అదే మందం ప్లైవుడ్ కంటే ఇది తేలిక. పొడుగ్గా నిలబెట్టినా సులువుగా వంగదు. ఆరేడు అడుగుల ఎత్తున్న తలుపు రెక్కకు ప్లైవుడ్ వాడితే కొన్నాళ్ళకు విల్లులా వంగి, మూసినప్పుడు పైమూల అతకకుండా ఉండడం మీరు చూసే ఉంటారు. అక్కడ బ్లాక్‌బోర్డు మేలు.

దీనికి ఐఎస్ 1659 ప్రమాణం. ఇందులోనూ ఎంఆర్, బీడబ్ల్యూపీ అని రెండు గ్రేడ్లు ఉన్నాయి.

దీని బలం అంతా బద్దల దిశలోనే ఉంది. అందుకే రెక్క కోసేటప్పుడు బద్దలు నిలువుగా, అర కోసేటప్పుడు బద్దలు అర పొడుగు వెంట రావాలి. ముక్క మిగిల్చుకోవాలని మేస్త్రీ అడ్డంగా కోస్తే ఆ అర త్వరగా కుంగుతుంది. అడ్డంగా కోసిన అంచులో బద్దల తలలు కనిపిస్తాయి. అక్కడ స్క్రూ సరిగా పట్టదు, నీరు మాత్రం బాగా పడుతుంది. అలమరా పెట్టెకు, అంటే పక్కలు, పైకప్పు, అడుగుకు అంచుల్లో స్క్రూలు ఎక్కువగా పడతాయి కాబట్టి అక్కడ ప్లైవుడ్ వాడి, రెక్కలకు మాత్రమే బ్లాక్‌బోర్డు వాడడం మంచిది.

చవక బ్లాక్‌బోర్డులో బద్దల మధ్య ఖాళీలు ఉంటాయి. రూపాయి బిళ్ళతో బోర్డు అంతటా తట్టుకుంటూ పోండి. గట్టి చోట ఒక శబ్దం, ఖాళీ చోట డొల్ల శబ్దం వస్తుంది. కబ్జా గిన్నెకు తవ్వే రంధ్రం సరిగ్గా ఆ ఖాళీ మీద పడితే రెక్క ఏడాదిలో వేలాడుతుంది.

పార్టికల్ బోర్డు

చెక్క పొట్టు, తునకలు జిగురుతో కలిపి నొక్కినది పార్టికల్ బోర్డు. రెండు వైపులా రంగుల కాగితపు పొర ఫ్యాక్టరీలోనే వేసి వచ్చేదాన్ని ప్రీలామినేటెడ్ అంటారు, దానికి ఐఎస్ 12823 ప్రమాణం. రెడీమేడ్ బీరువాలు, టీవీ బల్లలు చాలావరకు దీంతోనే చేస్తారు. ధర తక్కువ, ముఖం నున్నగా ఉంటుంది, పని త్వరగా అవుతుంది. దీన్ని చెడ్డ వస్తువు అనడానికి లేదు. చోటు తెలిసి వాడాలి.

ముఖం మీద నీరు పడి వెంటనే తుడిస్తే ఏమీ కాదు. కోసిన అంచు నుంచి నీరు లోపలికి వెళితే తునకలు ఉబ్బుతాయి, మందం పెరుగుతుంది. తరవాత ఆరినా పాత మందానికి తిరిగి రాదు. ప్లైవుడ్ కొద్దిగా తడిస్తే ఆరబెట్టి వాడుకోవచ్చు, దీనికి ఆ అవకాశం లేదు.

రెండో సంగతి స్క్రూ. ఒకసారి బిగించిన స్క్రూ గట్టిగానే ఉంటుంది. ఊడదీసి మళ్ళీ బిగిస్తే రంధ్రం వదులవుతుంది. అద్దె ఇళ్ళు మారేవారు ప్రతిసారీ విప్పి బిగించే బీరువాకు ఇది సరిపడదు. అరకు వాడితే ఆధారానికీ ఆధారానికీ మధ్య రెండడుగులు దాటనివ్వకండి. పుస్తకాలు, ఇత్తడి సామాను లాంటి బరువులు పెట్టకండి.

లోపల ఆకుపచ్చగా ఉండే బోర్డును తేమకు ఓర్చుకునే రకం అని అమ్ముతారు. ఆకుపచ్చ అనేది కలిపిన రంగు మాత్రమే. రంగు చూసి నమ్మకుండా దాని మీద ఉన్న ప్రమాణం సంఖ్య, గ్రేడు చూడండి. ఓర్చుకునే రకమైనా సింకు కిందికి నేను సలహా ఇవ్వను.

ఒక అలమరా లెక్క

ఇప్పుడు ఒక పని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, రెండు రెక్కలు, మధ్యలో ఒక నిలువు అడ్డు, ఐదు అరలు. బోర్డు కొలత ఎనిమిది అడుగులు × నాలుగు అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. రంపం మందం పోతుంది కాబట్టి రెండడుగుల ముక్కలు నిజానికి కాస్త తక్కువగా వస్తాయి.

18 మి.మీ. ప్లైవుడ్ మొదటి షీటును పొడుగునా రెండుగా కోస్తే రెండు పక్కలు వస్తాయి. రెండో షీటులో ఒక సగం నుంచి మధ్య అడ్డు, మరో సగం నుంచి పైకప్పు, అడుగు వస్తాయి. మూడో షీటులో ఐదు అరలు పోగా మిగిలినది సొరుగులకు, కింద నాలుగంగుళాల పీఠానికి సరిపోతుంది. 19 మి.మీ. బ్లాక్‌బోర్డు ఒక షీటును నిలువునా రెండుగా కోస్తే బద్దల దిశ చెడకుండా రెండు రెక్కలు వస్తాయి. వెనక పలకకు 6 మి.మీ. ప్లైవుడ్ ఒక షీటు. మొత్తం ఐదు షీట్లు. మీ మేస్త్రీ ఇదే కొలతకు ఏడు షీట్లు రాస్తే, ఏ ముక్క ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి చూపించమనండి.

ఇక చాలామంది లెక్కే వేయనిది అంచు. రెండు రెక్కల చుట్టూ 36 అడుగులు. పక్కలు, అడ్డు, పైకప్పు, అడుగు, అరల ముందంచులు కలిపి 39 అడుగులు. ఈ 75 అడుగులూ కంటికి కనిపించేవి కాబట్టి ఎవరైనా మూస్తారు. నేలకు ఆనే పక్కల కింది అంచులు నాలుగడుగులు, పీఠం కింది అంచు నాలుగడుగులు, అంటే ఎనిమిది అడుగులు ఎవరికీ కనిపించవు. తుఫాను నాడు మా రెండు అలమరాలను తీసుకుపోయినవి ఇలాంటి ఎనిమిది అడుగులే. మొత్తం 83 అడుగులు, 25 మీటర్లకు కాస్త ఎక్కువ. వృథా కలుపుకుని 30 మీటర్ల పట్టీ చాలు. ఐదు షీట్ల ధర ముందు ఇది లెక్కలోకి రాని ఖర్చు.

ఈ అలమరా పొడి గది లోపలి గోడకు పెడుతుంటే పెట్టె ఎంఆర్‌తో చాలు. వాన కొట్టే బయటి గోడకో, స్నానాల గది గోడకో ఆనుకుంటే పెట్టెకు కనీసం బీడబ్ల్యూఆర్, వెనక పలకకు కూడా అదే గ్రేడు వాడాలి. ముందంతా మంచి ప్లై వాడి, వెనక పలకకు చవకది కొట్టడం మేస్త్రీలకు అలవాటు. చెమ్మ వచ్చేది వెనక నుంచే. గోడకూ పలకకూ మధ్య అర అంగుళం ఖాళీ ఉంచితే గాలి ఆడుతుంది.

అంచు ఎలా మూయాలి

ఇంటి దగ్గర చేసే పనిలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి చెక్క బీడింగు. టేకు లాంటి గట్టి చెక్కను బోర్డు మందానికి సన్నగా కోసి, జిగురు పెట్టి తలలేని మేకులతో కొట్టి, సమంగా చిత్రిక పట్టి, పాలిష్ వేస్తారు. దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. పాలిష్ కింది అంచుకు కూడా పట్టించాలి, లేకపోతే బీడింగే నీరు తాగుతుంది.

రెండోది పీవీసీ పట్టీ. 0.8 మి.మీ. పట్టీ అరలకు, 2 మి.మీ. పట్టీ రెక్కలకు వాడితే మంచిది. ఫ్యాక్టరీలో యంత్రం వేడి జిగురుతో అతికించినది గట్టిగా పడుతుంది. ఇంటి దగ్గర చేత్తో అతికించేటప్పుడు అంచు మీది పొట్టు పూర్తిగా తుడిచి, బోర్డుకూ పట్టీకీ రెండిటికీ జిగురు రాసి, అది చేతికి అంటనంత ఆరాక నొక్కాలి. తడి జిగురు మీద తొందరపడి అతికించిన పట్టీ మొదటి ఎండాకాలానికే మూలల్లో లేస్తుంది. పార్టికల్ బోర్డుకు వీలైనంత వరకు యంత్రంతో అతికించినదే తీసుకోండి.

కనిపించని అంచులకు అందం అక్కరలేదు, పూత ఒక్కటే కావాలి. అలమరా నిలబెట్టకముందే పడుకోబెట్టి, కింది అంచులకు ప్రైమరు ఒక పూత, అది ఆరాక ఎనామెల్ రంగు రెండు పూతలు పట్టించండి. నిలబెట్టాక ఆ పని చేయడం ఎవరివల్లా కాదు. అలాగే పైపు కోసం, కరెంటు తీగ కోసం తొలిచిన రంధ్రాల లోపలి అంచుకూ అదే రంగు పూసి, పైపు చుట్టూ సిలికాన్ పెట్టించండి.

మైకా విషయంలో ఒక్క మాట. రెక్కకు బయట వైపు మైకా అతికించి లోపల వట్టిగా వదిలేస్తే, రెండు వైపులా తేమ పీల్చడం వేరువేరుగా ఉండి రెక్క వంగుతుంది. లోపల కూడా పలచని లైనర్ మైకా అతికించాలి.

సింకు కింద మాత్రం అడుగు పలకకు, మధ్య అరకు బోర్డు వాడకపోవడమే మేలు. మన పాత ఇళ్ళలో లాగా కడప బండ పెట్టించండి. మహారాష్ట్ర దుకాణాల్లో కూడా ‘కడప్పా’ అని అడిగితే ఇస్తారు. రెక్కలకు మాత్రం బీడబ్ల్యూపీ వాడి, కింది అంచు నేలకు నాలుగంగుళాల పైన ఆగేలా చూడండి. అప్పుడు వంటిల్లు కడిగినా నీరు అంటదు.

ఎలా తనిఖీ చేయాలి

ముందు కంటితో చూడండి. కోసిన అంచులో పొరలు సమంగా ఉన్నాయా, మధ్యలో ఖాళీలు, ఒకదాని మీదికి మరొకటి ఎక్కిన పొరలు ఉన్నాయా గమనించండి. ఫినాల్ జిగురు గీతలు ముదురు గోధుమ రంగులో, యూరియా జిగురు గీతలు లేతగా ఉంటాయి. కానీ జిగురుకు రంగు కలిపే వారూ ఉన్నారు కాబట్టి ఇది ఒక్కటే సాక్ష్యం కాదు. మందాన్ని నాలుగు మూలలా కొలవండి. 18 అని రాసి 16 వస్తే తిప్పి పంపండి.

తరవాత ఉడికించి చూడండి. దుకాణదారు చూపే నమూనా ముక్క పనికిరాదు. మీ ఇంటికి దింపిన షీటు నుంచి కోసిన నాలుగంగుళాల ముక్క తీసుకుని, వంటకు వాడని పాత గిన్నెలో, ఇంటి బయట పొయ్యి మీద నాలుగైదు గంటలు మరగనివ్వండి. నీరు తగ్గితే వేడి నీరే పోయండి. తీసి చల్లారాక మూలలో పలచని చాకు దూర్చి తిప్పండి. పొరలు పుస్తకం పుటల్లా విడిపోతే అది బీడబ్ల్యూఆర్ కూడా కాదు. చెక్క నార చిరిగి, జిగురు మాత్రం పట్టుకునే ఉంటే మంచి సరుకే. ఇది ప్రయోగశాల పరీక్షకు సమానం కాకపోయినా, ఎంఆర్‌ను మెరైన్ అని అమ్మితే బయటపడుతుంది. మిగతా షీట్లు కోయకముందే ఈ పరీక్ష చేయండి. కోసిన షీటును ఎవరూ వెనక్కి తీసుకోరు.

పాత అలమరా ఉంటే, సింకు కింది రెక్క అడుగు అంచు మీద గోరు నడిపించండి. మైకా, బోర్డు కలిసే చోట గోరు ఆగితే నీరు లోపలికి పోవడం మొదలైందన్నమాట. అదే రెక్క మందాన్ని పైనా కిందా కొలిచి చూడండి. కింద ఎక్కువ ఉంటే పార్టికల్ బోర్డును మార్చక తప్పదు. ప్లైవుడ్ అయితే పొరలు విడిపోనంత వరకు రెక్క విప్పి, నీడలో నిలువుగా వారం రోజులు ఆరబెట్టి, అంచు గీకి, పైన చెప్పినట్టు మూసుకోవచ్చు.

చివరిది బిల్లు. ముప్ఫై ఏళ్ళు కాగితాల మధ్య పనిచేసినవాడిని కనుక దీన్ని వదలలేను. “ప్లైవుడ్ 5 షీట్లు” అని రాసిన బిల్లు ఎందుకూ కొరగాదు. కంపెనీ పేరు, ఐఎస్ సంఖ్య, గ్రేడు, మందం, కొలత, షీట్ల లెక్క, లైసెన్సు నంబరు అందులో ఉండాలి. నాకు ‘వాటర్‌ప్రూఫ్’ అమ్మిన దుకాణానికి విడిపోయిన పలక పట్టుకుని వెళితే, ఆయన నా బిల్లు తీసి చూపించాడు. అందులో గ్రేడు రాయలేదు, ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట కూడా లేదు. తిరిగి ఇంటికి వచ్చేశాను.